ఇంట్లో మందుల డబ్బా: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి, ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు చాలా ఇళ్లలో ఫ్రిజ్ మీదో, టీవీ పక్కనో ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంటుంది. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు అందులో ఉండేవి మందులు. పోయిన ఏడాది జ్వరానికి రాసిన మాత్రల్లో మిగిలిన నాలుగు, సగం వాడిన దగ్గు సిరప్, కువైట్ నుంచి మామయ్య తెచ్చిన ఇంగ్లిష్, అరబ్బీ అక్షరాల షీటు, మూత సరిగా పట్టని కంటి చుక్కల సీసా. రాత్రి పదకొండు గంటలకు పిల్లకు ఒళ్లు కాలిపోతుంటే అందరి చేతులూ ఆ డబ్బా వైపే వెళ్తాయి.

ఆ డబ్బాలో మందులు తక్కువై ప్రమాదం జరగడం అరుదు. ఎక్కువై జరిగే ప్రమాదమే ఎక్కువ. ఒకే మందు రెండు మూడు పేర్లతో ఉంటుంది. ఒకే పేరున్న సీసాల్లో మందు బలం వేరువేరుగా ఉంటుంది. అందుకే డబ్బా సర్దడమంటే కొత్తవి కొనడం కంటే ముందు ఉన్నవాటిని బయటికి తీయడం.

ఉదాహరణకు తెనాలిలో ఒక ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు, ఏడాదిన్నర పాప, బీపీ, షుగర్ ఉన్న దాదీ. పాప బరువు 10 కిలోలు. ఆ ఇంటి డబ్బాను చాప మీద బోర్లించి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూద్దాం.

పేర్లు నాలుగు, మందు ఒకటే

డబ్బాలో డోలో ఉంది, క్రోసిన్ ఉంది, క్యాల్‌పాల్ ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన పెనడాల్ కూడా ఉంది. ఇవి నాలుగు మందులు కావు. నాలుగింటిలోనూ ఉన్నది పారాసిటమాలే. షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని దగ్గరే చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. డబ్బా సర్దేటప్పుడు చదవాల్సింది ఆ చిన్న అక్షరాలనే.

ఇక్కడ పొరపాటు ఎలా జరుగుతుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఇంటాయనకు జ్వరం, జలుబు, ఒళ్లు నొప్పులు. జ్వరానికి 650 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు నాలుగుసార్లు వేసుకున్నాడు. అది 2,600. జలుబు మాత్ర మూడుసార్లు వేసుకున్నాడు. అందులో ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసి ఉంది. అది 1,500. నొప్పుల మాత్ర రెండుసార్లు వేసుకున్నాడు. అందులోనూ 325 చొప్పున పారాసిటమాలే. అది 650. మొత్తం కలిపితే 4,750 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి రోజు మొత్తంలో 4,000 దాటకూడదు. బరువు తక్కువ ఉన్నవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, మద్యం అలవాటు ఉన్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. ఆయన తన లెక్కలో మూడు రకాల మందులు వేసుకున్నాడు. కాలేయం లెక్కలో ఒకటే మందు మోతాదు మించి పడింది. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. కాస్త వికారం, అంతే. కాలేయం దెబ్బతిన్న గుర్తులు రెండో రోజుకో మూడో రోజుకో బయటపడతాయి. అందుకే మోతాదు దాటిందని తెలిస్తే బాగానే ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కాబట్టి పెద్దవాళ్ల కోసం డబ్బాలో ఒకే రకం పారాసిటమాల్ షీటు ఉంచండి. 500 గానీ, 650 గానీ, రెండిట్లో ఒకటి. మిగతా పేర్లవి తీసేయండి. కలిపి చేసిన జలుబు మాత్రలు, నొప్పుల మాత్రలు డాక్టరు రాసినప్పుడు కొనుక్కోవచ్చు. ముందే తెచ్చి పెట్టుకోనక్కర్లేదు.

వానాకాలంలో ఇంకో జాగ్రత్త ఉంది. కాలువలు, నిలవ నీళ్లు ఉన్న మన ప్రాంతంలో జ్వరం డెంగ్యూ కావచ్చు. డెంగ్యూలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి మందులు రక్తస్రావం ముప్పును పెంచుతాయి. ఏ జ్వరమో తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్ రోజూ వేసుకునేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకుండా ఆయన్నే అడగాలి. జ్వరం మూడో రోజు కూడా తగ్గకపోతే రక్త పరీక్షకు వెళ్లాలి.

పేరు ఒకటే, బలం మూడు రకాలు

ఇప్పుడు పాప మందు. పిల్లల పారాసిటమాల్ మన షాపుల్లో ముఖ్యంగా మూడు బలాల్లో దొరుకుతుంది. చుక్కల సీసాలో ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు. ఒక రకం సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120. ఇంకో రకం సిరప్‌లో 5 ఎంఎల్‌కు 250. చూడటానికి చిన్న సీసాలో ఉన్న చుక్కల మందు పలచన అనిపిస్తుంది. నిజానికి మూడిట్లో అదే చిక్కన.

పిల్లలకు మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున వేస్తారు. మన పాప 10 కిలోలు కాబట్టి ఒకసారికి 150 మిల్లీగ్రాములు. చుక్కల మందైతే ఒకటిన్నర ఎంఎల్. 120 సిరప్ అయితే 6 ఎంఎల్. 250 సిరప్ అయితే 3 ఎంఎల్. తల్లికి "ఆరు ఎంఎల్ పట్టాలి" అన్న అంకె ఒక్కటే గుర్తుంది. ఈసారి షాపువాడు 250 సిరప్ ఇచ్చాడు. అదే ఆరు పడితే రెట్టింపు మోతాదు వెళ్లిపోతుంది. చుక్కల సీసాలోంచి ఆరు పడితే నాలుగు రెట్లు.

అందుకే ఇంట్లో పిల్లల పారాసిటమాల్ ఒకే బలంలో, ఒకే సీసా ఉండాలి. సీసా మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, డాక్టరును అడిగి, పాప బరువు, ఎన్ని ఎంఎల్, ఏ తేదీన రాశారు అన్నవి తెలుగులో రాయండి. మూడు నెలలకోసారి బరువు చూసి ఆ అంకె మార్పించుకోవాలి. కొలవడానికి సీసాతో వచ్చిన గీతల మూత గానీ, సూది లేని సిరంజి గానీ వాడాలి. వంటింటి స్పూన్లు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. రెండు మోతాదుల మధ్య నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. ఇరవై నాలుగు గంటల్లో నాలుగుసార్లు మించకూడదు. పక్కనే డిజిటల్ థర్మామీటరు ఉంచుకోండి. మూడు నెలల లోపు పసిబిడ్డకు 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో మందు పట్టి చూడటం కాదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఓఆర్‌ఎస్: ప్యాకెట్ మీద ఏముంది?

డబ్బాలో తప్పకుండా ఉండాల్సిన రెండోది ఓఆర్‌ఎస్ పొడి. అయితే ఇన్నాళ్లూ చాలా ఇళ్లలో ఓఆర్‌ఎస్ అనుకుని తాగించింది ఓఆర్‌ఎస్ కాదు. టెట్రా ప్యాకెట్లలో వచ్చే తీపి పానీయాలు పేరులో ఆ మూడు అక్షరాలు పెట్టుకుని మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. విరేచనాలప్పుడు ఎక్కువ చక్కెర పేగుల్లోకి ఇంకా నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

అసలైన పొడి ప్యాకెట్ మీద నాలుగు పేర్లు ఉంటాయి. గ్లూకోజ్, సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, సోడియం సిట్రేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందని కూడా రాసి ఉంటుంది. ఎండాకాలంలో కలుపుకునే గ్లూకోజ్ పొడి దీనికి బదులు కాదు.

కలపడంలోనే ఎక్కువ తప్పు జరుగుతుంది. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు. కొంతమంది గ్లాసు నీళ్లలో కొంచెం పొడి వేసి, మిగిలింది మడిచి పెడతారు. అప్పుడు ఉప్పు ఎంత పడిందో ఎవరికీ తెలియదు. పసిపిల్లలకు ఉప్పు ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు సీసా నిండా కొలిచి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేయాలి. అంత అక్కర్లేదనుకుంటే 200 ఎంఎల్ కోసం చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. కలిపినది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి.

రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 ఎంఎల్, స్పూనుతో నెమ్మదిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. దీనికి తోడు జింక్ మాత్ర, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. ఓఆర్‌ఎస్, జింక్ రెండూ ఆశా కార్యకర్తల దగ్గర, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. విరేచనాలు ఠక్కున ఆపే లోపెరమైడ్ మాత్ర పిల్లలకు వేయకూడదు. కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇక డబ్బా పని అయిపోయినట్టే. ఆసుపత్రికి వెళ్లాలి.

చాప మీద మిగిలినవి

ఇప్పుడు తీసేయాల్సినవి చూద్దాం. మొదటిది, వెనక నిలువుగా ఎర్ర గీత ఉన్న మిగిలిపోయిన షీట్లు. ఆ గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. అవి ఎక్కువగా యాంటీబయాటిక్స్. నాలుగు మాత్రలు మిగిలాయంటే పోయినసారి కోర్సు పూర్తి చేయలేదన్నమాట. ఈసారి ఆ నాలుగూ వేసుకుంటే జబ్బు పూర్తిగా తగ్గదు, పరీక్షలో అది దొరక్కుండా పోయే అవకాశమూ ఉంది. నీళ్లు కలిపి చేసే పిల్లల యాంటీబయాటిక్ సిరప్ అయితే, ఎక్స్‌పైరీ తేదీ రెండేళ్ల తర్వాత ఉన్నా, కలిపిన వారం పది రోజులకే పనికిరాదు. ఎన్ని రోజులో సీసా మీదే ఉంటుంది.

రెండోది, పిల్లల దగ్గు సిరప్. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కల్తీ దగ్గు మందు తాగి పసిపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం బయటపడింది. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు సాధారణంగా వాడవద్దని సూచించింది. మామూలు దగ్గు దానంతటదే తగ్గుతుంది. ఎగశ్వాస వస్తుంటే సిరప్‌తో తగ్గదు, డాక్టరుకు చూపించాలి.

మూడోది, నిమెసులైడ్. జ్వరం తొందరగా దిగుతుందని కొందరు ఇప్పటికీ అడిగి తీసుకుంటారు. కాలేయానికి హాని చేస్తుందని 2011లోనే పన్నెండేళ్ల లోపు పిల్లలకు దీన్ని మన దేశంలో నిషేధించారు.

నాలుగోది, తామరకు, దురదకు పూసే కలగలుపు ఆయింట్‌మెంట్లు. ఉక్క, చెమట ఎక్కువగా ఉండే మన తీరంలో తామర మామూలే. ఈ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పూసిన రెండు రోజులకే దురద పోతుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆపగానే ముందుకంటే పెద్ద వలయాలుగా తిరిగొస్తుంది.

తీసేసిన మందులను కాలువలో పారేయకండి. షీటు నుంచి మాత్రలు విడదీసి, వాడేసిన టీ పొడిలోనో మట్టిలోనో కలిపి, కవరులో గట్టిగా కట్టి చెత్తబండికి ఇవ్వండి. ఇలా చేస్తే చెత్త ఏరుకునే పిల్లలు నోట్లో వేసుకోరు.

చివరికి డబ్బాలో మిగిలేవి కొన్నే. పెద్దల పారాసిటమాల్ ఒక షీటు, పాప సీసా ఒకటి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు, జింక్, థర్మామీటరు. గాయాలకు గాజు గుడ్డ, ప్లాస్టర్, పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్, చిన్న కత్తెర. వంటింట్లో కాలితే మందు డబ్బాలో లేదు, కుళాయిలో ఉంది. ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా పూయకూడదు. పొలంలో పాము కరిస్తే ఏ డబ్బాలోనూ మందు ఉండదు. కట్టు బిగించకుండా, కోయకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

దాదీ మందులకు వేరే పెట్టె

బీపీ, షుగర్ మాత్రలు రోజూ వాడేవి. వాటిని ఈ డబ్బాలో కలపకూడదు. కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి పాప మింగినా గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలా జరిగితే ఖాళీ షీటు చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విషం, మందుల విషయంలో సలహా కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని కేంద్రానికి 1800 116 117 నంబరులో ఫోన్ చేయొచ్చు. ప్రయాణం మాత్రం ఆపకూడదు.

దాదీ పెట్టెలో ఒక కార్డు ఉండాలి. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట అని మూడు వరుసలు. రంజాన్‌లో ఈ పూటలు మారతాయి. పొద్దున వేసుకునే మాత్రను అలాగే సహ్రీకి జరిపేస్తే మధ్యాహ్నానికి షుగర్ పడిపోవచ్చు. ఏది సహ్రీకి, ఏది ఇఫ్తార్‌కు, ఏది తగ్గించాలి అన్నది డాక్టరు చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, అంటే రజబ్ నెలలోనే వెళ్లి కార్డు కొత్తగా రాయించుకోవడం మంచిది. రోజాలో ఉండగా షుగర్ 70 కంటే తగ్గితే, 300 దాటితే రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. గ్లూకోమీటరు పట్టీల సీసా మూత వెంటనే బిగించకపోతే మన గాలిలోని తేమకు పట్టీలు పాడై తప్పుడు అంకె చూపిస్తాయి.

ఎక్కడ పెట్టాలి? తుఫాను వస్తే?

ఫ్రిజ్ పైన వేడి, పొయ్యి పక్కన వేడి, బాత్‌రూములో తేమ. ఈ మూడు చోట్లూ వద్దు. లోపలి గదిలో, బీరువా పై అరలో, పిల్లల చేతికి అందకుండా, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. మాత్ర రంగు మారినా, మెత్తబడినా, పొడి గడ్డకట్టినా తేదీ ఉన్నా పారేయాల్సిందే.

బాపట్ల, రేపల్లె వాళ్లకు ఇంకో అవసరం ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు రేపల్లె, కొల్లూరు వైపు లంకల వాళ్లు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఆగకూడనివి బీపీ, షుగర్, గుండె, మూర్ఛ మందులు. హెచ్చరిక రాగానే కనీసం వారానికి సరిపడా మందులు, చీటీ, కార్డు ఒక జిప్ కవరులో వేసి పెట్టుకోవాలి. చీటీ ఫొటో ఫోనులో ఉంచుకోవాలి. వాడుతున్న ఇన్సులిన్ సీసా కరెంటు లేకపోయినా నాలుగు వారాల వరకు ఎండ తగలని చల్లని చోట ఉండగలదు. మూత బిగించిన డబ్బాలో పెట్టి నీళ్ల కుండ పక్కన ఉంచితే చాలు. ఐసు మీద పెట్టకూడదు. గడ్డకడితే ఇక పనిచేయదు. వరద నీళ్లు తగిలిన మందులు మళ్లీ వాడకూడదు.

ఎన్నాళ్లకోసారి?

మూడు నెలలకోసారి పావుగంట చాలు. వాటిలో ఒకటి జూన్‌లో వానలకు ముందు, ఒకటి అక్టోబరులో తుఫానుల కాలం మొదలయ్యేటప్పుడు పడేలా చూసుకోండి. షీటు మీద 06/2027 అని ఉంటే ఆ జూన్ నెల ఆఖరి రోజు దాకా వాడొచ్చు. సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ రాయాలి. కంటి చుక్కలు తెరిచిన నెల రోజులకు పారేయాలి. షాపులో షీటు కత్తిరించి ఇస్తుంటే తేదీ ఉన్న వైపు ఇమ్మని అడగండి. తేదీ లేని మాత్ర ఇంట్లో ఉంచకూడదు.

ఆఖరుగా, డబ్బా మూత లోపలి వైపు ఒక కాగితం అంటించండి. పాప బరువు, పాప మోతాదు, ఎవరికి ఏ మందు పడదో, 108, దగ్గరి ఆసుపత్రి నంబరు. రాత్రి పదకొండు గంటలకు డబ్బా తెరిచేది ఎవరైనా కావచ్చు, ఊరి నుంచి వచ్చిన చుట్టమైనా సరే. ఆ మనిషి ఎవరినీ అడగకుండా చదివి అర్థం చేసుకోగలిగితే డబ్బా సరిగ్గా సర్దినట్టు.